మధ్యలో విమానం మారడానికి వీసా ఎప్పుడు కావాలి: ఒక ప్రయాణాన్ని నాలుగు రకాలుగా చూస్తే

“నేను ఆ దేశంలో అడుగుపెట్టను, విమానాశ్రయంలోనే ఉండి ఇంకో విమానం ఎక్కుతాను, నాకు వీసా దేనికి?” అన్న ప్రశ్న సహజమైనదే. చాలా ప్రయాణాల్లో దానికి “అక్కర్లేదు” అన్నదే సమాధానం కూడా. కానీ అదే ప్రయాణికుడు, అదే పాస్‌పోర్టుతో, అదే గమ్యానికి, మధ్యలో ఆగే ఊరు ఒక్కటి మార్చుకున్నా, టికెట్టును ఒకటికి బదులు రెండుగా కొనుక్కున్నా సమాధానం తారుమారవుతుంది. ఆ మార్పు ఎక్కడ జరుగుతుందో తెలియక, డబ్బు కట్టి, సామాను సర్దుకుని, బయలుదేరే విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆగిపోయేవాళ్లు ఉన్నారు. ఈ వ్యాసంలో ప్రపంచంలోని అన్ని దేశాల నిబంధనలనూ పేర్చడం లేదు. ఐరోపాలో తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న 29 దేశాల షెంజెన్ ప్రాంతం మీదుగా సాగే ఒకే ఒక ప్రయాణాన్ని తీసుకుని, దాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ, అనుమతి అవసరం ఎక్కడ పుట్టుకొస్తుందో చూద్దాం. చిక్కుముళ్లు ఎక్కువగా ఉన్నది అక్కడే కాబట్టి, అది అర్థమైతే మిగతా దేశాల పద్ధతి అర్థం చేసుకోవడం తేలిక.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. విమానాశ్రయంలో విమానం మారేవాళ్లు వేచి ఉండే అంతర్జాతీయ ట్రాన్సిట్ ప్రాంతం ఏ దేశానికీ చెందని నేల అని చాలామంది అనుకుంటారు. చట్టం దృష్టిలో అది నిజం కాదు. 1992 మార్చిలో పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయంలో దిగిన నలుగురు సోమాలియా దేశస్థులను ఫ్రాన్స్ అధికారులు లోపలికి రానివ్వకుండా ఇరవై రోజుల పాటు ట్రాన్సిట్ జోన్ పరిధిలో ఉంచారు. ఆ వ్యవహారం ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లింది. 1996 జూన్‌లో ఇచ్చిన తీర్పులో, పేరుకు అంతర్జాతీయ జోన్ అయినా ఆ ప్రాంతం ఫ్రాన్స్ చట్టానికి వెలుపల ఉన్నది కాదని న్యాయస్థానం స్పష్టం చేసింది. అంటే విమానం తలుపు దాటి ఆ భవనంలోకి రాగానే ప్రయాణికుడు ఆ దేశపు నేల మీద ఉన్నట్టే. ఆయన ఇంకా దాటనిది ఆ దేశపు సరిహద్దు తనిఖీని మాత్రమే. ఆ తనిఖీ దాటనివాళ్లను వీసా అడగకుండా పోనివ్వాలా, వాళ్లకు కూడా ముందస్తు అనుమతి ఉండాలని పట్టుబట్టాలా అన్నది ఆ దేశం ఇష్టం. ట్రాన్సిట్ వీసా అన్న ఏర్పాటుకు మూలం ఇదే.

కాబట్టి అడగవలసిన ప్రశ్నలు రెండు. ప్రయాణంలో ఎక్కడైనా పాస్‌పోర్టు తనిఖీ గీత దాటవలసి వస్తుందా? దాటకపోయినా సరే, నా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ట్రాన్సిట్ ప్రాంతంలో ఉండటానికి ఆ దేశం ప్రత్యేకంగా అనుమతి అడుగుతోందా? ఈ రెంటినీ కలిపేసి ఒకటే ప్రశ్నగా చూడటం వల్లనే గందరగోళమంతా వస్తోందని నా అభిప్రాయం. షెంజెన్ నిబంధనల్లో ఈ రెండు ప్రశ్నలకూ రెండు వేర్వేరు వీసాలు ఉన్నాయి. రెండో ప్రశ్నకు జవాబు A అక్షరంతో గుర్తించే “ఏ” రకం వీసా, అంటే విమానాశ్రయ ట్రాన్సిట్ వీసా. అది ట్రాన్సిట్ ప్రాంతంలో ఉండనిస్తుంది, అంతకుమించి ఒక్క అడుగు కూడా బయటికి వేయనివ్వదు. మొదటి ప్రశ్నకు జవాబు సి రకం వీసా, అంటే పర్యాటకులు తీసుకునే మామూలు స్వల్పకాలిక వీసా. లోపలికి వెళ్లేది మరో విమానం ఎక్కడానికే అయినా సరే, సరిహద్దు దాటేవాళ్లకు కావలసింది సి రకమే.

ఇక మన ఉదాహరణ. దుబాయిలో ఉద్యోగం చేసుకుంటున్న శ్రీలంక దేశస్థురాలు ఒకామె బ్రెజిల్‌లోని సావ్ పావ్లోకు వెళ్లాలనుకుందాం. ఆమె దగ్గర శ్రీలంక పాస్‌పోర్టు, దుబాయి నివాస పత్రం, బ్రెజిల్ వీసా ఉన్నాయి. ఒకే టికెట్టు మీద దుబాయి నుంచి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి సావ్ పావ్లో. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నాలుగు గంటల విరామం. సామాను దుబాయిలో ఇస్తే సావ్ పావ్లోలోనే చేతికి వస్తుంది.

ఈ ప్రయాణంలో పాస్‌పోర్టు తనిఖీ గీత దాటవలసిన అవసరం లేదు. దుబాయి నుంచి వచ్చిన విమానం షెంజెన్ వెలుపలి నుంచి వచ్చింది, సావ్ పావ్లో వెళ్లే విమానం షెంజెన్ వెలుపలికి పోతోంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇటువంటి రెండు విమానాల మధ్య మారే ప్రయాణికులు షెంజెనేతర ద్వారాల వైపే ఉండిపోతారు. మధ్యలో చేతిసంచిని మళ్లీ ఎక్స్-రే యంత్రంలో పెట్టమంటారు. అది భద్రతా తనిఖీ మాత్రమే, దానికీ వీసాకూ సంబంధం లేదు. ఈ రెంటి తేడా తెలియక, ఎక్కడ వరుసలో నిలబెడితే అక్కడే దేశంలోకి ప్రవేశించినట్టు భావించేవాళ్లు ఉంటారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. వీసా అవసరమయ్యేది పాస్‌పోర్టు చూసి ప్రవేశం నమోదు చేసే సరిహద్దు అధికారి దగ్గర.

గీత దాటనక్కర్లేదు కాబట్టి సి వీసా అవసరం లేదు. అయితే రెండో ప్రశ్న మిగిలే ఉంది. ఐరోపా సమాఖ్య 2009లో చేసిన వీసా నియమావళి ప్రకారం, పన్నెండు దేశాల పౌరులు షెంజెన్ విమానాశ్రయాల ట్రాన్సిట్ ప్రాంతాల గుండా వెళ్లడానికి కూడా “ఏ” రకం వీసా తీసుకోవాలి. ఆ ఉమ్మడి జాబితాలో ఉన్నవి అఫ్గానిస్తాన్, ఇథియోపియా, ఇరాక్, ఇరాన్, ఎరిట్రియా, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, ఘనా, నైజీరియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, సోమాలియా. మన ప్రయాణికురాలిది శ్రీలంక పాస్‌పోర్టు కాబట్టి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో నాలుగు గంటలు కుర్చీలో కూర్చోవడానికే ఆమెకు “ఏ” వీసా కావాలి. దుబాయి నివాస పత్రం ఇక్కడ అక్కరకు రాదు. పాస్‌పోర్టు ఇచ్చిన దేశాన్ని చూస్తారు గాని, ఎక్కడి నుంచి బయలుదేరారన్నది చూడరు.

భారత పాస్‌పోర్టు ఈ ఉమ్మడి జాబితాలో లేదు. కానీ నియమావళి మరో తలుపు తెరిచి ఉంచింది. అక్రమ వలసలు ఒక్కసారిగా పెరిగాయని భావించిన సభ్యదేశం తన విమానాశ్రయాల వరకు అదనంగా మరికొన్ని దేశాల పేర్లు చేర్చుకోవచ్చు. అలా కొన్ని సభ్యదేశాలు వేర్వేరు కాలాల్లో భారత్‌ను కూడా తమ సొంత జాబితాల్లో చేర్చాయి, ఆ జాబితాలు మారుతూ ఉంటాయి. అందువల్ల ఒకే పాస్‌పోర్టుకు ఒక షెంజెన్ దేశంలో ట్రాన్సిట్ వీసా అక్కర్లేకుండా, పక్క దేశంలో అవసరం కావచ్చు. “షెంజెన్‌లో ట్రాన్సిట్‌కు వీసా అక్కర్లేదట” అని ఎవరైనా చెబితే, ఏ దేశంలోని ఏ విమానాశ్రయం అన్నది అడగకుండా ఆ మాటను నమ్మకూడదు.

ఇప్పుడు ఒక చిన్న మార్పు చేద్దాం. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరుగా సావ్ పావ్లో వెళ్లే విమానానికి ధర ఎక్కువగా ఉందని, ఆమె ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పోర్చుగల్‌లోని లిస్బన్, లిస్బన్ నుంచి సావ్ పావ్లో అనే దారి ఎంచుకుందనుకుందాం. ఇదీ ఒకే టికెట్టే, సామాను చివరిదాకా పోతుంది, లిస్బన్‌లో ఆగేది రెండు గంటలే. ఆమె దృష్టిలో ఇది రెండు విమానాశ్రయాల్లో విమానం మారడం మాత్రమే. సరిహద్దు చట్టం దృష్టిలో మాత్రం ఇది పూర్తిగా వేరే ప్రయాణం.

షెంజెన్ ప్రాంతంలోని 29 దేశాల మధ్య నడిచే విమానాలను చట్టం ఒకే దేశంలోని ఊళ్ల మధ్య తిరిగే విమానాలతో సమానంగా చూస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లిస్బన్ వెళ్లే విమానం అంతర్గత విమానం. దాన్ని ఎక్కాలంటే ముందుగా షెంజెన్ లోపల ఉండాలి, కాబట్టి బయటి నుంచి వచ్చిన ప్రయాణికుల ప్రవేశ తనిఖీ మొదట దిగిన ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే జరుగుతుంది. లిస్బన్‌లో ఆ ప్రాంతాన్ని వదిలేటప్పుడు నిష్క్రమణ తనిఖీ ఉంటుంది. ఈ విభజన ఫ్రాంక్‌ఫర్ట్‌లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ ఒకటో టెర్మినల్‌లోని ఒక రెక్కలో కింది అంతస్తున షెంజెన్ విమానాల “ఏ” ద్వారాలు, సరిగ్గా వాటిపైనే షెంజెనేతర విమానాల జెడ్ ద్వారాలు ఉంటాయి. ఒకే కప్పు కింద, ఒకదానిపై ఒకటిగా ఉన్న ఆ రెండు అంతస్తుల మధ్య ఉన్నది పాస్‌పోర్టు తనిఖీ. పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు దిగడమంటే షెంజెన్ ప్రాంతంలోకి ప్రవేశించడమే.

కాబట్టి ఈ దారిలో ఆమెకు “ఏ” వీసా ఉన్నా ప్రయోజనం లేదు, సి వీసా కావాలి. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఇక్కడ శ్రీలంక అన్న పేరుకు ప్రత్యేక పాత్ర లేదు. ఉమ్మడి జాబితాలో గాని, ఏ దేశపు సొంత జాబితాలో గాని లేని పాస్‌పోర్టు అయినా, షెంజెన్‌లో ప్రవేశించడానికి వీసా అవసరమైన దేశానిదైతే ఈ దారిలో సి వీసా లేకుండా కదలదు. ట్రాన్సిట్ వీసా అక్కర్లేదని ధీమాగా ఉన్నవాళ్లు దొరికిపోయేది సరిగ్గా ఇక్కడే. వెదుకులాటలో కనిపించే టికెట్ల జాబితా ధరను, సమయాన్ని చూపిస్తుంది గాని, మధ్యలో రెండు షెంజెన్ విమానాశ్రయాలు వరుసగా వచ్చాయని ఎర్ర గీత గీసి చూపించదు. ప్రయాణికుడే చూసుకోవాలి. మార్గంలో రెండు షెంజెన్ విమానాశ్రయాలు పక్కపక్కన పడితే, గీత దాటుతున్నట్టే లెక్క.

దీనికి ఒక మెలిక ఉంది. ఐరోపా సమాఖ్యలో ఉన్న ప్రతి దేశమూ షెంజెన్‌లో లేదు. ఐర్లాండ్, సైప్రస్ సమాఖ్య సభ్యదేశాలే అయినా షెంజెన్ వెలుపలే ఉన్నాయి. స్విట్జర్లాండ్, నార్వే సమాఖ్యలో లేకపోయినా షెంజెన్‌లో ఉన్నాయి. లిస్బన్‌కు బదులు డబ్లిన్ మీదుగా దారి కుదిరితే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి డబ్లిన్ వెళ్లే విమానం షెంజెన్ వెలుపలికి పోయేదే కాబట్టి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో గీత దాటనక్కర్లేదు. అయితే ఐర్లాండ్‌కు ట్రాన్సిట్ విషయంలో తనదైన జాబితా, తనదైన వీసా ఉన్నాయి కాబట్టి అక్కడ ప్రశ్న మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. పాత సమాచారం కూడా ఇక్కడ దెబ్బ తీస్తుంది. క్రొయేషియా విమానాశ్రయాల్లో షెంజెన్ అంతర్గత విమానాలకు సరిహద్దు తనిఖీలు 2023 మార్చిలో, బల్గేరియా, రొమేనియాల్లో 2024 మార్చిలో తొలగించారు. అంతకు ముందు రాసిన సలహా అప్పటికి సరైనదే అయినా ఇప్పుడు బుఖారెస్ట్ మీదుగా పోయేవాళ్లను తప్పుదోవ పట్టిస్తుంది.

మూడో రకానికి వద్దాం. దారి మళ్లీ మొదటిదే, దుబాయి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి సావ్ పావ్లో. కానీ ఈసారి ఆమె రెండు విమానాలనూ రెండు వేర్వేరు టికెట్లుగా కొనుక్కుంది. దీనివల్ల కొంత డబ్బు మిగిలి ఉండవచ్చు. అయితే మొదటి విమాన సంస్థ దృష్టిలో ఆమె ప్రయాణం ఫ్రాంక్‌ఫర్ట్‌తో ముగిసిపోతుంది. రెండు సంస్థల మధ్య సామాను అప్పగించుకునే ఒప్పందం లేకపోతే, లేదా ఉన్నా వేర్వేరు టికెట్లకు దాన్ని వర్తింపజేయకపోతే, ఆమె పెట్టె ఫ్రాంక్‌ఫర్ట్ బెల్టు మీదికి వస్తుంది. ఆ బెల్టు ఉండేది పాస్‌పోర్టు తనిఖీకి అవతల. పెట్టె తీసుకుని, బయటికి వచ్చి, రెండో సంస్థ కౌంటర్ దగ్గర మళ్లీ చెక్-ఇన్ చేసుకుని, మళ్లీ నిష్క్రమణ తనిఖీ దాటి లోపలికి రావాలి. అంటే షెంజెన్‌లో ప్రవేశించడం, మళ్లీ విడవడం. సి వీసా లేకుండా ఇది జరగదు.

చేతిసంచి తప్ప మరేమీ లేకపోతే ఇబ్బంది తప్పుతుందా అంటే, అదీ రెండో విమానం బోర్డింగ్ పాస్ ముందే చేతిలో ఉంటేనే. ఆ సంస్థ దూరప్రయాణాలకు వీసాను స్వయంగా చూశాకే బోర్డింగ్ పాస్ ఇస్తుంటే, దాని కౌంటర్ తనిఖీ గీతకు అవతల ఉంటే, చేతిసంచితో ప్రయాణించినా దారి మూసుకుపోయినట్టే. టికెట్టు ఒకటా రెండా అన్నది బుకింగ్ నంబరు చూసి మాత్రమే తేల్చుకోకూడదు. మధ్యవర్తి వెబ్‌సైట్లు రెండు విడి టికెట్లను ఒకే బుకింగ్ నంబరు కింద చూపించడం, “సొంతంగా మారే కనెక్షన్” వంటి మాటను చిన్న అక్షరాల్లో వేయడం మామూలే. సామాను చివరిదాకా పోతుందో లేదో విమాన సంస్థనే అడిగి తెలుసుకోవడం, బయలుదేరే చోట పెట్టెకు కట్టిన చీటీ మీద చివరి గమ్యపు మూడక్షరాల సంకేతం ఉందో లేదో చూసుకోవడం నమ్మదగిన పద్ధతి. చీటీ మీద ఫ్రాంక్‌ఫర్ట్ సంకేతమే ఉంటే పెట్టె అక్కడే ఆగుతుంది.

నాలుగో రకం కాస్త ఊరటనిచ్చేది. అదే ప్రయాణికురాలి పాస్‌పోర్టులో చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉందనుకుందాం. ఆమె వెళ్లేది బ్రెజిల్‌కే, అమెరికాకు కాదు. అయినా ఆమెకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో “ఏ” వీసా అవసరం తప్పుతుంది. అమెరికా, కెనడా, జపాన్ వంటి కొన్ని దేశాల వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్లు ఆ దేశానికి వెళ్తున్నా, ఇంకే షెంజెనేతర దేశానికి వెళ్తున్నా విమానాశ్రయ ట్రాన్సిట్ వీసా తీసుకోనక్కర్లేదని వీసా నియమావళే చెబుతోంది. ఆ వీసాను ఉపయోగించుకుని, దాన్ని ఇచ్చిన దేశం నుంచి తిరిగి వస్తున్నవాళ్లకు కూడా ఈ మినహాయింపు ఉంది. అలాగే షెంజెన్ దేశమేదైనా ఇచ్చిన సి వీసా గాని, దీర్ఘకాలిక వీసా గాని, నివాస అనుమతి గాని ఉన్నవాళ్లకూ “ఏ” వీసా అక్కర్లేదు.

ఈ మినహాయింపు ఎంతవరకు పనిచేస్తుందో జాగ్రత్తగా చూడాలి. ఇది “ఏ” వీసా అవసరాన్ని మాత్రమే తొలగిస్తుంది, పాస్‌పోర్టు తనిఖీ దాటే హక్కు ఇవ్వదు. అమెరికా వీసా పట్టుకుని లిస్బన్ దారిలో వెళ్లబోతే, ఫ్రాంక్‌ఫర్ట్ సరిహద్దు అధికారి దగ్గర ఆ వీసాకు ఏ విలువా ఉండదు. రెండు ప్రశ్నలనూ విడివిడిగా వేసుకోవాలని మొదట్లో అన్నది ఇందుకే. మినహాయింపులో పేర్కొన్న దేశాలు కూడా పరిమితమే కాబట్టి, “పెద్ద దేశం వీసా ఏదో ఒకటి ఉంటే చాలు” అన్న ఊహ మీద టికెట్టు కొనడం ప్రమాదం.

“ఏ” వీసా కావలసిందేనని తేలితే, దాన్ని ట్రాన్సిట్ విమానాశ్రయం ఏ దేశంలో ఉంటే ఆ దేశపు కాన్సులేట్‌కు దరఖాస్తు చేసుకోవాలి. రెండు మూడు చోట్ల ఆగే ప్రయాణమైతే మొదట ఆగే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, మామూలుగా కనీసం పదిహేను రోజుల ముందైనా ఇచ్చి ఉండాలి. నిర్ణయానికి పట్టే సాధారణ గడువు పదిహేను రోజులు, లోతుగా పరిశీలించవలసి వస్తే నలభై ఐదు రోజుల దాకా పోవచ్చు. పెద్దలకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, “ఏ” రకానికైనా సి రకానికైనా అంతే. సి వీసాకు 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి, “ఏ” వీసాకు ఆ నిబంధన లేదు. “ఏ” వీసా విషయంలో అధికారులు ముఖ్యంగా చూసేది, ప్రయాణికుడు నిజంగానే ముందుకు వెళ్లిపోతాడా అన్నది. అందుకే చివరి గమ్యపు వీసా, ముందుకు వెళ్లే టికెట్టు దరఖాస్తుకు గుండెకాయ వంటివి. గమ్యం వీసా రాకముందే ట్రాన్సిట్ వీసాకు వెళ్లడం వల్ల కాలం వృథా కావడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఇక్కడ ఎక్కువమంది మరిచిపోయే విషయం తిరుగు ప్రయాణం. ఒకే ట్రాన్సిట్‌కు ఇచ్చిన “ఏ” వీసా వెళ్లేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఖర్చైపోతుంది. నెల తర్వాత అదే దారిలో తిరిగి వచ్చేటప్పుడు ఆమె మళ్లీ వీసా లేని ప్రయాణికురాలే. రెండు ట్రాన్సిట్లు కావాలని దరఖాస్తులోనే అడగాలి, చేతికి వచ్చిన స్టిక్కరు మీద ఎన్ని ట్రాన్సిట్లకు ఇచ్చారో, చివరి తేదీ తిరుగు ప్రయాణం దాకా ఉందో లేదో కాన్సులేట్ గుమ్మం దాటకముందే చూసుకోవాలి. అలా చూసుకోకపోతే సావ్ పావ్లోలో చిక్కుకుపోవలసి వస్తుంది, ఆ పరిస్థితిలో అక్కడి నుంచి కొత్త వీసా తెచ్చుకోవడం ఇంటి దగ్గర తెచ్చుకున్నంత తేలిక కాదు.

ఇన్ని నిబంధనలను ఫ్రాంక్‌ఫర్ట్ అధికారి కంటే ముందు దుబాయిలోని చెక్-ఇన్ ఉద్యోగి ఎందుకు పట్టించుకుంటాడన్నది అర్థం చేసుకుంటే, ఎందుకు వాదించి గెలవలేమో కూడా అర్థమవుతుంది. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకువచ్చిన విమాన సంస్థ, ఆ మనిషిని తన ఖర్చుతో వెనక్కి తీసుకుపోవాలి. దానికి తోడు జరిమానా కట్టాలి. ఐరోపా సమాఖ్య 2001లో చేసిన ఆదేశం ప్రకారం సభ్యదేశాలు గరిష్ఠ జరిమానాను మనిషికి 5,000 యూరోలకు తగ్గకుండా, లేదా కనిష్ఠ జరిమానాను 3,000 యూరోలకు తగ్గకుండా పెట్టుకోవచ్చు. ట్రాన్సిట్ ప్రయాణికుణ్ణి తర్వాతి విమానం ఎక్కించుకోనన్నా, గమ్య దేశం రానివ్వక వెనక్కి పంపినా కూడా భారం తీసుకువచ్చిన సంస్థ మీదే పడుతుంది. అందుకే ఉద్యోగి సందేహం వస్తే ఎక్కనివ్వకపోవడం వైపే మొగ్గుతాడు. అతను చూసేది అంతర్జాతీయ విమాన రవాణా సంఘం నిర్వహించే టైమాటిక్ అనే సమాచార భాండారాన్ని. పాస్‌పోర్టు దేశం, నివాసం, ఉన్న వీసాలు, ఆగే ఊళ్లు, గమ్యం నింపితే అది ఏమేమి కావాలో చెబుతుంది. టైమాటిక్ ఆధారంగా పనిచేసే తనిఖీ పేజీలను చాలా విమాన సంస్థలు తమ వెబ్‌సైట్లలో ప్రయాణికులకు కూడా అందుబాటులో ఉంచాయి. టికెట్టు కొనకముందే అందులో అచ్చంగా ఆ దారినే నింపి చూడటం, ఫలితాన్ని కాన్సులేట్ పేజీతో సరిపోల్చుకోవడం నాకు తెలిసినంతలో ఉత్తమమైన పద్ధతి. ఒక ముఖ్యమైన జాగ్రత్త ఏమిటంటే, ఆగే ఊళ్లన్నీ వరుసగా నింపాలి. గమ్యం ఒక్కటే నింపి, సావ్ పావ్లోకు సరిపోయే పత్రాలున్నాయన్న సమాధానం చూసి సంతృప్తి పడితే మధ్యలోని ఫ్రాంక్‌ఫర్ట్ లెక్కలోకే రాదు.

అన్నీ సరిగా ఉన్నా విమానాలు ఆలస్యం కావచ్చు. ఆమె సరైన “ఏ” వీసాతో ఫ్రాంక్‌ఫర్ట్ చేరాక సావ్ పావ్లో విమానం రద్దైందనుకుందాం. విమాన సంస్థ కంప్యూటర్ మొదట చూపించే ప్రత్యామ్నాయం లిస్బన్ మీదుగానో, మాడ్రిడ్ మీదుగానో ఉండవచ్చు. ఆమె ఆ విమానం ఎక్కడానికి వీల్లేదు, ఎందుకంటే అది అంతర్గత విమానం. తన దగ్గర ఉన్నది ట్రాన్సిట్ వీసా మాత్రమేనని కౌంటర్‌లో ముందే చెప్పి, షెంజెన్ వెలుపలి ఊరి మీదుగా గాని, మర్నాటి నేరు విమానంలో గాని పంపమని అడగాలి. రాత్రికి ఇచ్చే హోటల్ గది ఊళ్లో ఉంటే అక్కడికీ వెళ్లడానికి వీల్లేదు. ఇటువంటి అనుకోని పరిస్థితుల్లో సరిహద్దు దగ్గరే వీసా ఇచ్చే వీలును వీసా నియమావళి ఉంచింది గాని, అది అధికారి విచక్షణ మీద ఆధారపడిన అసాధారణ ఏర్పాటు, హక్కుగా అడిగి తీసుకునేది కాదు. దీన్నిబట్టి వీసా లేకుండా లేదా “ఏ” వీసాతో వెళ్లేవాళ్లు రోజులో చివరి విమానానికి కనెక్షన్ పెట్టుకోకపోవడం మంచిదని నా సలహా. రాత్రంతా ఆగవలసిన ప్రయాణమైతే, ఆ విమానాశ్రయపు ట్రాన్సిట్ ప్రాంతం రాత్రిపూట తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోవాలి. మూసేసే చోట ప్రయాణికులను బయటికి పంపుతారు, అప్పుడు మళ్లీ అదే గీత దాటాలి.

ఈ రెండు ప్రశ్నలతోనే మిగతా దేశాలనూ చదువుకోవచ్చు. అమెరికాలో మొదటి ప్రశ్నకు ఎప్పుడూ “అవును” అన్నదే జవాబు. విదేశం నుంచి వచ్చి విదేశానికే పోతున్నా, రెండు విమానాల మధ్య గంటన్నరే ఉన్నా, అందరూ ఇమిగ్రేషన్ దాటాల్సిందే. వీసా లేకుండా ట్రాన్సిట్ చేయనిచ్చే ఏర్పాటు ఒకప్పుడు అక్కడా ఉండేది, దాన్ని భద్రతా కారణాలతో 2003 ఆగస్టులో నిలిపివేశారు. ఇప్పుడు సీ-1 అనే ట్రాన్సిట్ వీసా గాని, చెల్లుబాటులో ఉన్న సందర్శకుల వీసా గాని ఉండాలి, వీసా మినహాయింపు ఉన్న దేశాలవాళ్లయితే ముందుగా ఎలక్ట్రానిక్ అనుమతి తీసుకోవాలి. కెనడా వీసా అవసరమైన దేశాలవాళ్లను, విమానాశ్రయం వదలకపోయినా, 48 గంటల లోపు ఆగినా ట్రాన్సిట్ వీసా తీసుకోమంటుంది, కానీ దానికి రుసుము వసూలు చేయదు. బ్రిటన్ ఈ రెండు ప్రశ్నలనూ వీసాల పేర్లలోనే విడదీసింది. సరిహద్దు తనిఖీ దాటని వాళ్లకు ఒక ట్రాన్సిట్ వీసా, దాటి 48 గంటల లోపు వెళ్లిపోయేవాళ్లకు మరొకటి.

చైనా ఇందుకు భిన్నమైన దారి పట్టింది. మూడో దేశానికి వెళ్లే ఖాయమైన టికెట్టు ఉంటే దాదాపు అన్ని దేశాలవాళ్లనూ 24 గంటల లోపు వీసా లేకుండా ట్రాన్సిట్ చేయనిస్తుంది, ఎంపిక చేసిన దేశాల పౌరులకు నిర్దేశించిన ఓడరేవులు, విమానాశ్రయాల ద్వారా ఆ వ్యవధిని 2024 డిసెంబరులో 240 గంటలకు పెంచింది. ఇక్కడ “మూడో దేశం” అన్న మాటకు పూర్తి బరువుంది. బ్యాంకాక్ నుంచి షాంఘై వచ్చి తిరిగి బ్యాంకాక్‌కే పోయేవాళ్ల ప్రయాణం ట్రాన్సిట్ కింద లెక్కకు రాదు. బ్యాంకాక్ నుంచి షాంఘై మీదుగా సియోల్ వెళ్తేనే అది ట్రాన్సిట్. ఇదే దారికి రానుపోను టికెట్టు కొనుక్కుంటే, వెళ్లేటప్పుడు ఒక దేశం నుంచి, వచ్చేటప్పుడు మరో దేశం నుంచి షాంఘై చేరుతున్నామని మరిచిపోకుండా, రెండు ప్రయాణాలనూ విడివిడిగా లెక్క చూసుకోవాలి.